పెళ్లి విందు సీటింగ్, 4వ పాఠం: బోర్డు మీద ఎవరి పేరు ఎక్కడ వెతుకుతారు?

పోయిన పాఠంలో అతిథుల జాబితాను షీట్‌లో ఎక్కించి, పేర్ల వరసలో సర్దుకోమన్నాను. మీరు పంపిన షీట్లు చూశాను. చాలావాటిలో పేర్లు చక్కగా వరసలోకి వచ్చాయి, టేబుల్ నంబర్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. అంటే 4వ టేబుల్లో కూర్చోవాల్సిన పెళ్లికూతురి మేనమామ 21లోకి వెళ్లిపోయాడు, ఆయన కుర్చీలోకి పెళ్లికొడుకు ఆఫీసు స్నేహితుడు వచ్చాడు. షీట్ చూడటానికి నీట్‌గానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. కాబట్టి ఎవరిది ఏ టేబులో అతిథులకు చూపించే బోర్డు డిజైన్ సంగతి కాస్త ఆగి చూద్దాం, ముందు ఇది బాగు చేయాలి.

కారణం ఒక్కటే. పేర్ల కాలమ్ ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి సార్ట్ నొక్కారు. గూగుల్ షీట్స్‌లో Sort range అంటే మీరు పట్టుకున్న గళ్లు మాత్రమే కదులుతాయి, Sort sheet అంటే వరసకు వరస మొత్తం కదులుతుంది. మనకు కావాల్సింది రెండోది. ఎక్సెల్ అయితే మధ్యలో ఆపి అడుగుతుంది, అప్పుడు Expand the selection ఎంచుకోవాలి. ఇప్పటికే చెడిపోయి ఉంటే చేత్తో దిద్దుకుంటూ కూర్చోకండి. గూగుల్ షీట్స్‌లో File మెనూలో Version history తెరిచి, సార్ట్‌కు ముందున్న కాపీకి వెళ్లిపోండి. చెడిందో లేదో తేల్చుకోవాలంటే సార్ట్ చేసే ముందే ముగ్గురి పేర్లు, వాళ్ల టేబుళ్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత ఆ ముగ్గురినీ చూస్తే చాలు.

ఇంకోటి. టేబుల్ గడిలో "టేబుల్ 10" అని రాస్తే అది అక్షరాల కిందే లెక్క. అప్పుడు 10, 11 వచ్చిన తర్వాతే 2 వస్తుంది. ఆ గడిలో అంకె ఒక్కటే వేయండి.

ఇక అసలు పాఠం. మన ఉదాహరణ మీకు గుర్తుండే ఉంటుంది. న్యూజెర్సీలో హోటల్ బాల్‌రూమ్, 252 మంది, ఆరడుగుల గుండ్రటి టేబుళ్లు 26, ఒక్కోదానికి పది మంది. బోర్డును టేబుళ్ల వారీగా వేయకూడదని ఇక్కడ మళ్లీ వాదించను. తన టేబుల్ నంబర్ తెలియకే కదా మనిషి బోర్డు దగ్గరికి వచ్చేది. అలాంటివాడికి 26 డబ్బాలు చూపించి, ఏ డబ్బాలో ఉన్నావో వెతుక్కోమంటే ఎలా? పేర్ల వరసలోనే వేయాలి. కానీ ఏ పేరు?

నాకు చిరాకు తెప్పించేది ఇదే. అమెరికాలో దొరికే టెంప్లేట్లు చాలావరకు లాస్ట్ నేమ్ వరసలో ఉంటాయి. మన వాళ్ల పెళ్లికి అది పనికిరాదు, అయినా అందరూ అదే వాడతారు. లాస్ట్ నేమ్ వరస వేస్తే "ఆర్" దగ్గర రావులూ రెడ్లూ కలిసి ఒక కాలమ్ నిండిపోతారు. పోనీ అది నిజంగా లాస్ట్ నేమేనా అంటే అదీ కాదు. ఆహ్వానానికి జవాబిచ్చే ఫారంలో రెండు గళ్లుంటాయి. ఇండియా నుంచి వచ్చే పెద్దాయన ఇంటిపేరును అలవాటుగా ముందు గడిలో వేస్తాడు. ఇక్కడే ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఆయన తమ్ముడు అదే ఇంటిపేరును రెండో గడిలో వేస్తాడు. బోర్డు మీద అన్నదమ్ములు చెరో మూలకు పోతారు. కొందరి పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అలాంటి వాళ్లకు అమెరికా వీసాలో మొదటి పేరు దగ్గర FNU అని పడుతుంది, అంటే పేరు తెలియదని. ఆ పేరును ఏ ఆఫీసు జాబితా నుంచో కాపీ చేస్తే బోర్డు మీద కూడా FNU అనే వస్తుంది. పెళ్లికి పిలిచి మీ పేరు మాకు తెలియదని బోర్డు పెట్టినట్టు. పైగా భార్యలు చాలామంది పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోరు. ఫారం నింపింది భర్త అయితే ఆమెకూ తన ఇంటిపేరే తగిలిస్తాడు. ఆమె మాత్రం తన పేరు కోసం తన పుట్టింటి పేరు దగ్గరే వెతుకుతుంది.

అందుకని నా పద్ధతి పిలుపు పేరు వరస. పార్టీలో అందరూ ఏమని పిలుస్తారో అదే. వెంకట సత్య రమణ అనే మనిషి రమణగా తెలిస్తే రమణ కిందే ఉండాలి. "వి" కింద పెడితే వెంకటలన్నీ ఒకచోట గుమిగూడతాయి, అసలు రమణ "ఆర్" దగ్గర వెతికి, లేదనుకుని, పెళ్లివారి అబ్బాయిని పట్టుకుంటాడు. నాగ, శ్రీ, లక్ష్మి, సాయి కూడా ఇంతే. ముందు మాట చాలామందికి ఒకటే కాబట్టి మనిషిని పట్టించేది రెండో మాటే. ఏ మాటతో పిలుస్తారో ఎవర్ని అడగాలి? పెళ్లికొడుకునూ పెళ్లికూతుర్నీ అడగొద్దు, వాళ్లకు సగం మంది అంకుల్, ఆంటీలే. రెండు వైపులా అమ్మల్ని కూర్చోబెట్టి జాబితా చదివి వినిపించండి. గంటలో అయిపోతుంది. ఈ గంట మిగుల్చుకోవాలని చూడకండి.

షీట్‌లో కాలమ్స్ ఇలా పెట్టుకోండి. Aలో వెతికే పేరు, Bలో మిగతా పేరు, Cలో భార్య లేదా భర్త పేరు, Dలో టేబుల్ అంకె, Eలో ఒక గుర్తు. ఆ గుర్తు దేనికంటే, ఎవరినైనా రెండు చోట్ల వెతికే అవకాశం ఉందనిపిస్తే రెండు చోట్లా వేసేయండి. రమణ "ఆర్" కింద, వెంకట రమణ "వి" కింద, రెండింటికీ టేబుల్ 7. బోర్డుకు ఒక లైను పెరుగుతుంది, అంతే. కాకపోతే రెండో లైనుకు Eలో x పెట్టాలి, లేకపోతే కుర్చీల లెక్కలో ఆయన ఇద్దరవుతాడు. పెద్దవాళ్లలో భార్యకో లైను, భర్తకో లైను. అమ్మానాన్నల పక్కనే కూర్చునే పిల్లలకు A ఖాళీగా వదిలేయండి. లెక్కలోకి వస్తారు, బోర్డు మీదకు రారు. టీనేజి పిల్లల్ని వేరే టేబుల్లో కూర్చోబెడితే మాత్రం వాళ్ల పేర్లు బోర్డు మీద ఉండాల్సిందే. 12వ టేబుల్లో ఎంతమంది ఉన్నారో చూడాలంటే:

```
=COUNTIFS(D:D, 12, E:E, "")
```

పది దాటితే అక్కడ ఎవరో నిలబడాల్సి వస్తుందని అర్థం.

ఒకే పేరున్న వాళ్ల సంగతి మిగిలింది. శ్రీనివాస్‌లు ఐదుగురున్నారు అనుకోండి, ఉంటారు కూడా. వాళ్లలో ఇద్దరు శ్రీనివాస్ రెడ్లు. ఊరి పేరు పక్కన వేద్దామంటే ఇద్దరూ ఎడిసన్‌లోనే ఉంటారు. ఇంటిపేరు వేయండి, అదీ ఒకటే అయితే భార్య పేరు వేయండి. "శ్రీనివాస్ (లత)" అని ఉంటే ఇక తికమక లేదు. C కాలమ్ పెట్టమన్నది ఇందుకే. స్పెల్లింగ్ తేడాల గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. శ్రీనివాస్‌ను ఇంగ్లీషులో ఒకరు "ఐ"తో రాస్తారు, ఒకరు రెండు "ఈ"లతో రాస్తారు. వాళ్లు ఎలా రాసుకుంటారో అలాగే ఉంచండి. ఎవరి స్పెల్లింగ్ వాళ్లకు తెలుసు.

ఇక బోర్డు కొలతలు. పెద్దవాళ్లు 212 మంది, రెండుసార్లు వేసిన పేర్లు ఒక 20, మొత్తం 232 లైన్లు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న ఒక్క బోర్డు మీదే అన్నీ ఇరికిస్తే నాలుగు కాలమ్స్, ఒక్కోదాంట్లో 58 లైన్లు. అక్షరం 24 పాయింట్లు దాటదు. 24 పాయింట్ల ఫాంట్‌లో పెద్ద అక్షరం ఎత్తు పావు అంగుళం కూడా ఉండదు. హాయిగా చదవాలంటే పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం అన్నది సైన్‌బోర్డుల వాళ్ల లెక్క. అంటే ఈ బోర్డును రెండడుగుల్లో నిలబడి చదవాలి. ఇద్దరు నిలబడ్డారంటే మూడోవాడికి కనబడదు. అదే రెండు బోర్డులు చేస్తే ఒక్కోదానికి 116 లైన్లు, మూడు కాలమ్స్, 32 పాయింట్లు. మూడడుగుల దూరంలో నలుగురైదుగురు ఒకేసారి చదువుకోవచ్చు. రెండు బోర్డుల మధ్య ఆరడుగులైనా ఎడం ఉండాలి. తలుపు పక్కన పెట్టకండి, బయట లాబీలో పెట్టండి.

రెండుగా విడగొట్టేటప్పుడు అక్షరమాలను మధ్యకు కోయకండి. మన పేర్లలో "ఎస్", "వి", "ఆర్" ఎక్కువ కాబట్టి "ఎన్" దగ్గర కోస్తే రెండో బోర్డు కిక్కిరిసిపోతుంది. లైన్లు లెక్కపెట్టి సగం ఎక్కడ పడితే అక్కడ కోయండి. సాధారణంగా అది "పి", "ఆర్" దరిదాపుల్లో పడుతుంది. అద్దం మీద బంగారు రంగు అక్షరాల బోర్డు అడుగుతారు. ఫోటోకు బాగుంటుంది, పేరు వెతుక్కునేవాడికి మాత్రం అందులో తన మొహం, షాండ్లియర్ కనిపిస్తాయి. నేనైతే తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాలే వేస్తాను. అద్దం కావాలంటే దాని మీద స్వాగతం రాయించుకోమంటాను.

టేబుల్ నంబర్ల గురించి కొంచెమే. ముప్ఫై అడుగుల నుంచి కనబడాలంటే అంకె ఎత్తు మూడంగుళాలు, అంటే సుమారు 300 పాయింట్లు. ఐదు, ఏడు అంగుళాల కార్డును నిలువుగా పెడితే రెండంకెల నంబర్ అంచులకు ఆనుతుంది, అడ్డంగా పెట్టండి. రెండు వైపులా ప్రింట్ చేయించండి. 6, 9 కింద గీత గీయండి. పూల కుండీ ఎత్తెంతో ముందే అడిగి, స్టాండ్ అంతకంటే ఎత్తుది తీసుకోండి. ఎడమ సగంలో 1 నుంచి 13, కుడి సగంలో 14 నుంచి 26 ఉంచి, ఆ మాటను రెండు బోర్డుల తలపైనా పెద్దగా వేస్తే గుమ్మంలోనే అతిథికి ఎటు నడవాలో తెలిసిపోతుంది. టేబుళ్లకు నంబర్లు తీసేసి కృష్ణ, గోదావరి, తుంగభద్ర అని పేర్లు పెడతామంటే మీ ఇష్టం. 12 పక్కన 13 ఉంటుందని అందరికీ తెలుసు, తుంగభద్ర పక్కన ఏముంటుందో ఎవరికీ తెలియదు.

అభ్యాసం. మీ బంధువుల వాట్సాప్ గ్రూప్ నుంచి 60 మంది పెద్దవాళ్ల పేర్లు తీయండి. ఒక్కొక్కరికీ పిలుపు పేరు రాయించండి, అదీ మీ ఊహతో వద్దు, అమ్మనో అత్తనో అడిగే. రెండు చోట్ల ఉండాల్సిన వాళ్లను గుర్తించి, ఒకే పేరున్న వాళ్లను విడదీయండి. 32 పాయింట్లలో ప్రింట్ తీసి గోడకు అంటించండి. ఆ గ్రూప్‌లోనే ఉన్న ఐదుగురిని పిలిచి, ఒక్కొక్కరినీ మూడడుగుల దూరంలో నిలబెట్టి వాళ్ల పేరు వాళ్లనే వెతుక్కోమనండి. వేలు మొదట ఏ అక్షరం మీదకు వెళ్లిందో రాసుకోండి. ఆ అక్షరం కింద వాళ్ల పేరు లేకపోతే అక్కడ రెండో లైను వేయాలన్నమాట. పది సెకన్లు దాటినవాళ్ల పేర్లు నాకు పంపండి. ఆఖరి రోజున ఫోన్ చేసి "మేం కూడా వస్తున్నాం" అనే కుటుంబాన్ని ఏ టేబుల్లో సర్దాలో, ప్రింటయిపోయిన బోర్డు మీద ఎలా చేర్చాలో వచ్చే పాఠంలో చూద్దాం. అప్పటిదాకా 26వ టేబుల్లో మిగిలే ఎనిమిది కుర్చీల్లో ఎవర్నీ వేయకండి.