ఒక్క పేజీ పాలసీ బ్రీఫ్ – మూడో పాఠం: వంద కాన్పుల లెక్క

నివేదికను ఏ వరుసలో చదవాలో, బ్రీఫ్ ఎవరి కోసమో తేల్చుకోవడం మొదటి రెండు పాఠాల్లో అయింది. ఇక రాత పని. మన చేతిలో ఉన్నది ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణ నివేదిక. అందులో సిజేరియన్ కాన్పుల భాగం ఒక్కటే తీసుకుంటున్నాం. చదివేది ఆరోగ్య శాఖ కార్యదర్శి. ఆయన ఐఏఎస్ అధికారి, డాక్టరు కాదు. రోజూ వచ్చే ఫైళ్ల మధ్య మన కాగితానికి రెండు మూడు నిమిషాలు దొరికితే గొప్పే.

ఏ4 కాగితానికి నాలుగు వైపులా అంగుళం వదిలి, 12 పాయింట్ల అక్షరంతో రాస్తే తెలుగులో సుమారు 300 మాటలు పడతాయి. తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఇంగ్లిష్ బ్రీఫ్‌లో పట్టినన్ని పట్టవు. పట్టకపోతే చాలామంది అక్షరాన్ని 9 పాయింట్లకు తగ్గిస్తారు. అక్షరం తగ్గించి ఇరికించిన కాగితం ఒక్క పేజీ అయినా, చదవడానికి రెండు పేజీలంత బరువే. అక్షరం జోలికి పోకుండా విషయం తగ్గించండి.

ఏ అంకె పైకి రావాలి

నివేదికలో ఈ విషయం మీద మూడు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. తెలంగాణలో మొత్తం కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగిన వాటిలో 44.5 శాతం. కొత్తగా రాసేవాళ్ల కన్ను నేరుగా 81.5 మీద పడుతుంది, అదే శీర్షిక అవుతుంది: ‘రాష్ట్రంలో 81.5 శాతం కాన్పులు ఆపరేషన్లే’. ఇది తప్పు. మూడు అంకెలూ శాతాలే గానీ, ఒక్కోటి వేర్వేరు మొత్తంలో భాగం. శాతం రాసిన ప్రతిచోటా ‘ఎందులో?’ అని అడగండి. జవాబు అదే వాక్యంలో లేకపోతే ఆ వాక్యం ఇంకా పూర్తి కానట్టే.

మామూలు పాఠకుడికి ఈ మూడు శాతాల మధ్య సంబంధం తట్టదు. అందుకే వాటిని వంద కాన్పుల లెక్కలోకి మార్చాలి. దానికి నివేదికలోనే మరో రెండు అంకెలు కావాలి: ఆసుపత్రుల్లో జరిగిన కాన్పులు 97.0 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగినవి 49.7 శాతం. తీసేస్తే ప్రైవేటు వాటా ఇంచుమించు 47.3.

```
ప్రభుత్వ:  49.7 × 0.445 = 22.1
ప్రైవేటు:  47.3 × 0.815 = 38.5
మొత్తం:                   60.6
```

నివేదిక చెప్పిన 60.7కు ఇది ఆనుకుని ఉంది కాబట్టి లెక్క సరిపోయినట్టే. ఆ 0.1 తేడా దశాంశాల సవరింపులో వచ్చింది. ఇలా సరిచూసుకోవడం మానేసి, 81.5నీ 44.5నీ కూడి రెండుతో భాగిస్తే 63 వస్తుంది. రెండు రకాల ఆసుపత్రుల్లో కాన్పుల సంఖ్య సమానం కాదు, పైగా ఇళ్ల దగ్గర జరిగిన కాన్పులూ మొత్తంలో ఉన్నాయి కాబట్టి అలా సగటు తీయకూడదు. మీ అంకె నివేదికలోని మొత్తంతో కలవలేదంటే ఎక్కడో ఇలాంటి పొరపాటే జరిగి ఉంటుంది.

ఇప్పుడు దశాంశాలు వదిలేసి రాయండి:

‘వంద కాన్పుల్లో 50 ప్రభుత్వ ఆసుపత్రుల్లో, 47 ప్రైవేటులో, మిగతా 3 ఇళ్ల దగ్గర జరిగాయి. ఆ వందలో 61 సిజేరియన్లు. వాటిలో 39 ప్రైవేటువి, 22 ప్రభుత్వానివి.’

ఈ లెక్క నివేదికలో వేర్వేరు చోట్ల చెల్లాచెదురుగా ఉంటుంది, ఒక్కచోట చెప్పరు. సిజేరియన్లలో పెద్ద వాటా ప్రైవేటుదే అన్నది అందరికీ తెలిసిన మాటే. కార్యదర్శికి కొత్తగా తెలిసేది రెండో సగం: ఆ 22 ఆయన శాఖ నడిపే ఆసుపత్రుల్లోనే జరిగాయి, వాటి మీద ఆయన రేపే ఉత్తర్వు ఇవ్వగలరు. బ్రీఫ్ పైభాగంలో ఉండాల్సింది అదే. నివేదికలో ఆశ్చర్యపరిచే అంకె ఒకటి, చదివేవాడి చేతిలో ఉన్న అంకె మరొకటి అయితే రెండోదాన్నే ఎంచుకోండి.

పోల్చేటప్పుడు

61 ఎక్కువో తక్కువో తెలియాలంటే పక్కన ఇంకో అంకె ఉండాలి. ఒక్కటి చాలు: దేశం మొత్తం మీద 21.5. ఆంధ్రప్రదేశ్ 42.4 కూడా పెట్టాలనిపిస్తుంది, పెట్టొచ్చు. మూడోది పెడితే మాత్రం అది పట్టిక అయిపోతుంది.

గత సర్వేతో పోలిక దగ్గర జాగ్రత్త. 2015–16 సర్వేలో తెలంగాణ అంకె సుమారు 58. ఐదో సర్వేలో 61. ‘3 శాతం పెరిగింది’ అని రాస్తే తప్పు. 58 మీద 3 అంటే 5 శాతానికి పైగా పెరుగుదల. ఈ గొడవ లేకుండా ‘వందకు 58 ఉండేది, 61కి చేరింది’ అనేయండి. కాలం కూడా చూసుకోండి. ఐదో సర్వే 2019 నుంచి 2021 దాకా సాగింది గానీ, తెలంగాణ వివరాలు 2019లోనే, కోవిడ్‌కు ముందే సేకరించారు. పైగా అవి ఆ ఏడాది కాన్పులు మాత్రమే కావు, సర్వేకు ముందు ఐదేళ్లలో జరిగినవి. కాబట్టి ‘నేడు తెలంగాణలో’ అని మొదలుపెట్టకూడదు. ‘2019కి ముందు ఐదేళ్లలో’ అంటే చాలు.

ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ. ‘సిజేరియన్లు 10–15 శాతం మించకూడదని ఆ సంస్థ చెప్పింది’ అన్న వాక్యం దాదాపు ప్రతి చిత్తుప్రతిలో కనిపిస్తుంది. 10–15 అన్న మాట 1985 నాటిది. 2015లో ఆ సంస్థ చెప్పింది వేరు: జనాభా స్థాయిలో ఈ రేటు 10 శాతం దాటాక తల్లుల, శిశువుల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు కనిపించడం లేదు; అయినా ఫలానా రేటు సాధించాలని చూడకుండా, అవసరమైన ప్రతి మహిళకూ సిజేరియన్ అందేలా చూడాలి. మొదటి సగం రాసి రెండో సగం వదిలేస్తే, ఆసుపత్రులకు కోటా పెట్టమని సలహా ఇచ్చినట్టు అవుతుంది. కోటా పెడితే నిజంగా ఆపరేషన్ కావాల్సిన మనిషి నష్టపోతుంది. ఇక్కడ కుదించడం ప్రమాదకరం. రెండు సగాలకూ చోటు లేకపోతే ఆ ప్రస్తావనే తీసేయండి.

నివేదిక చెప్పనిది

ఈ సర్వే తల్లులను అడిగి రాసుకున్నది, ఆసుపత్రి కేసు షీట్లు చూసి కాదు. ఏ సిజేరియన్ అవసరమైందో, ఏది కాదో అందులో ఉండదు. కాబట్టి ‘అనవసర సిజేరియన్లు’ అన్న మాట మీ బ్రీఫ్‌లోకి రాకూడదు. ‘ప్రైవేటు ఆసుపత్రులు డబ్బు కోసం చేస్తున్నాయి’ అన్నది కూడా అంతే. నిజమై ఉండొచ్చు, కానీ ఈ నివేదిక దానికి సాక్ష్యం కాదు. ముహూర్తం మాటా ఎవరో ఒకరు ఎత్తుతారు. పంచాంగం చూసి కోయించుకుంటున్నారని మీటింగుల్లో బాగా నడిచే మాటే, కానీ అది ఎంత శాతమో ఈ అంకెల్లో లేదు.

ఈ పరిమితిని కింద చిన్న అక్షరాల్లో దాచొద్దు. లెక్క చెప్పిన వెంటనే ఒక వాక్యం: ‘వీటిలో ఎన్ని వైద్యపరంగా అవసరమైనవో ఈ సర్వే చెప్పదు.’ దీనివల్ల బ్రీఫ్ బలహీనపడుతుందని భయపడతారు గానీ, అడగబోయే పనికి దారి ఈ వాక్యం నుంచే వస్తుంది.

ఏం అడగాలి

‘సిజేరియన్లను తగ్గించేందుకు తగు చర్యలు తీసుకోవాలి’ అన్నది సిఫారసు కాదు. కార్యదర్శి దాని మీద సంతకం పెట్టినా మర్నాడు ఎవరూ ఏమీ చేయరు. ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పటిలోగా అన్న నాలుగింటికీ జవాబు ఉన్న వాక్యం కావాలి. తేలనిది కారణమే కాబట్టి మొదట అడగాల్సింది కారణం తేల్చే పని.

దానికి పద్ధతి ఉంది. రాబ్సన్ వర్గీకరణ అని, ఆసుపత్రులను పోల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది. ప్రతి గర్భిణి గురించి ఆరు సంగతులు నమోదు చేస్తారు: ఇంతకుముందు కాన్పు అయిందా, అప్పుడు సిజేరియన్ చేశారా, కడుపులో ఒక బిడ్డా ఇద్దరా, బిడ్డ తల కిందికి ఉందా, నెలలు నిండాయా, నొప్పులు వాటంతటవే వచ్చాయా. వీటిని బట్టి అందరూ పది గుంపులుగా విడిపోతారు. తొలి కాన్పు, నెలలు నిండి, బిడ్డ తల కిందికి ఉండి, నొప్పులు వాటంతటవే వచ్చిన గుంపులో కూడా ఎక్కువ ఆపరేషన్లు కనిపిస్తే, ఆ ఆసుపత్రిని అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

బ్రీఫ్‌లో పది గుంపుల వివరం అక్కర్లేదు, పేరు కూడా ఒక్కసారి చాలు. ఇలా రాయొచ్చు:

‘ప్రభుత్వ ప్రసూతి వార్డులన్నీ ప్రతి కాన్పుకూ ఆరు వివరాలు (రాబ్సన్ పద్ధతి) రిజిస్టరులో నమోదు చేసేలా కమిషనర్ ఉత్తర్వు ఇవ్వాలి. తొలి మూడు నెలల లెక్కను ఆసుపత్రులవారీగా సమీక్షించాలి. ఆ తర్వాత ప్రైవేటు ఆసుపత్రులనూ అదే నమూనాలో లెక్క అడగాలి.’

ప్రభుత్వ ఆసుపత్రులతో మొదలుపెట్టడానికి కారణం పైన చెప్పిన 22. సొంత లెక్క చేతిలో ఉంటే ప్రైవేటును అడగడం తేలిక.

మిడ్‌వైఫ్‌ల మాట రాయాలని చాలామందికి ఉంటుంది. తెలంగాణలో వారి శిక్షణ 2017లోనే మొదలైంది కాబట్టి అడగడం అసంగతమేమీ కాదు. కానీ ఈ సర్వేలో దానికి ఆధారం లేదు. రాస్తే వేరే అధ్యయనం ఆధారం చూపి రాయాలి, అప్పుడు కనీసం 40 మాటలు పోతాయి. మా సలహా: ఈ కాగితంలో వదిలేయండి.

అభ్యాసం

ఇదే లెక్క ఆంధ్రప్రదేశ్‌కు వేయండి. సిజేరియన్లు ప్రైవేటులో 63.0 శాతం, ప్రభుత్వంలో 26.6 శాతం, మొత్తం 42.4. కాన్పుల వాటాలు రాష్ట్ర ఫ్యాక్ట్ షీట్‌లో వెతికి తీసుకోండి. మీ మొత్తం 42.4కు అటూ ఇటూగా అర పాయింటు లోపల రావాలి. తర్వాత శీర్షిక, మొదటి పేరా కలిపి 60 మాటలకు మించకుండా రాయండి. వైద్యంతో సంబంధం లేని ఒకరికి ఆ కాగితం ఇచ్చి ఒక్క నిమిషం చదవనివ్వండి. వెనక్కి తీసుకుని, వందలో ఎన్ని, ఎక్కడ, ఎవరు ఏం చేయాలి అని అడగండి. ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో ఆ వాక్యాన్నే మళ్లీ రాయాలి.

వచ్చే పాఠం: ఒక్క బొమ్మ. ఈ 22నూ 39నూ బార్ చార్టుగా గీస్తే ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో చూద్దాం.