"500" అని ఒక్క అంకె మాత్రమే మెసేజ్ వస్తే ఏం చేయాలి?

వేసవిలో మా ఇంట్లో పచ్చళ్ళు పట్టి అమ్ముతాం. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. ఒకరోజు పొద్దున్న 6:40కి, రెండో వీధిలో ఉండే ఒక పెద్దావిడ నుంచి మెసేజ్ వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: 500. ముందూ వెనకా ఒక్క మాట లేదు. పచ్చళ్ళవాడికి 500 అంటే అరకేజీ అనే తోస్తుంది. నా చెయ్యి డబ్బా వైపు వెళ్ళింది కూడా. ఆ రోజు ఆగి ఏం చేశానో అదే వరసలో చెబుతాను. మీకు పచ్చళ్ళతో పని లేకపోయినా పద్ధతి మాత్రం ఇదే.

ముందు ఓ పావుగంట ఆగండి

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల లోపు దిద్దుకోవచ్చు. చాలామంది ఒక వాక్యాన్ని నాలుగు ముక్కలుగా పంపుతారు కూడా. మొదటి ముక్కకే మనం పరుగెత్తితే మిగతా మూడూ వచ్చేసరికి పని చెడుతుంది. ఈలోగా చాట్‌లో పైకి జరిపి చూడండి. మీరు అడిగిన ప్రశ్న ఏదైనా జవాబు లేకుండా ఉండిపోయిందా? మధ్యలో ఏదైనా పంపి తీసేసిన గుర్తు ఉందా?

నాకు కనిపించింది ఇది. రెండు రోజుల క్రితం ఆవిడ "ఆవకాయ కేజీ ఎంత?" అని అడిగారు. 600 అని చెప్పాను. ఆ తర్వాత ఏ మాటా లేదు. మా పద్దు పుస్తకంలో ఆవిడ పేరున గోంగూర తాలూకు 300 బాకీ ఉంది.

అర్థాలను పూర్తి వాక్యాలుగా రాయండి

500 అనే అంకెలో రెండు విషయాలు లేవు. ఒకటి, అవి గ్రాములా రూపాయలా అన్నది. రెండోది, ఎవరి నుంచి ఎవరికి అన్నది. మొదటిదాన్ని అందరూ ఆలోచిస్తారు, రెండోదాన్నే మరిచిపోతారు. అందుకే "డబ్బులేమో" అనుకుని వదిలేయకుండా, ఎవరు ఏం చేయాలో తెలిసేలా రాసుకోవాలి. నేను పాత క్యాలెండర్ వెనక రాసినవి ఇవి:

- నాకు ఆవకాయ 500 గ్రాములు పంపండి.
- కేజీ 600 కాదు, 500కి ఇస్తారా?
- 500 రూపాయలు పంపాను, చూసుకోండి.
- నా బాకీ 500 కదా?
- ఇది మీకు కాదు, పాలవాడికి పంపబోయాను. (అర లీటరు ప్యాకెట్ కూడా 500 మిల్లీలీటర్లే!)

ఇలా రాశాక సంగతి తేలింది. మొదటిదాని ప్రకారం నేను సరుకు పంపాలి. రెండోదాని ప్రకారం బేరానికి జవాబివ్వాలి. చివరిదాని ప్రకారం అసలు ఏమీ చేయక్కర్లేదు. ఒకదానికి సరిపడే పని ఇంకోదానికి నష్టం.

మనుషుల్ని బట్టి కూడా అంకె మారుతుంది. స్థలాల బేరాలు చేసేవాళ్ళు 45 అంటే 45 లక్షలు. వినాయక చవితి చందాల గ్రూపులో 500 అని పెట్టారంటే ఇస్తామని మాటా, ఇచ్చేశామని లెక్కా? మా వీధి గ్రూపులో ఒక ఏడాది ఆ అంకెలన్నీ కూడి మండపం వాడికి మాటిచ్చేశాం. తీరా చేతికొచ్చింది అందులో సగమే.

డబ్బు కదపకుండా చూడగలిగినవి చూడండి

బ్యాంకు యాప్ తెరిచి, నా ఖాతాలో ఆ రోజు ఏమైనా జమ అయిందా అని చూశాను. కాలేదు. ఇక్కడ ఎస్సెమ్మెస్‌ను నమ్మకండి, స్క్రీన్‌షాట్‌ను అసలే నమ్మకండి. రెండింటినీ ఎవరైనా తయారు చేయగలరు. ఖాతా వివరాల్లో కనిపిస్తేనే జమ అయినట్టు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. డబ్బు కనపడితే వచ్చినట్టే. కనపడకపోతే మాత్రం డబ్బు సంగతి కాదని తేల్చేయకూడదు. ఆగిపోయి ఉండవచ్చు, వేరే నంబరుకు వెళ్ళి ఉండవచ్చు. నేను మాత్రం మూడో వాక్యాన్ని కొట్టేశాను. అది నా తప్పేనని తర్వాత తెలిసింది.

తెలిసినవాళ్ళను అడిగే తీరు వేరు, తెలియనివాళ్ళను అడిగే తీరు వేరు

"అరకేజీయేనా అండీ?" అని అడిగితే "ఆ" అని వస్తుంది. పెద్దవాళ్ళు సగం చదివి కూడా ఆ అంటారు. ఆ "ఆ" పట్టుకుని సరుకు కట్టేశాక గొడవ. అందుకే "ఆ" అంటే సరిపోని ప్రశ్న వేయాలి. నేను పంపింది ఇది: "500 అని వచ్చిందండీ. గ్రాములా, రూపాయలా? రూపాయలైతే మీరు పంపారా, ఇంకా పంపాలా?"

తెలియని నంబరు నుంచి వస్తే దీనికి సరిగ్గా తిరగేసి చేయాలి. మీ వైపు నుంచి ఒక్క అర్థం కూడా అందించవద్దు. "నాకు పంపారా?" అని మీరే అడిగితే, మోసగాడికి కథ దొరికినట్టే. "అవునండీ, పొరపాటున పంపాను, తిరిగి వేయండి" అంటాడు. "ఎవరండీ, దేని గురించి?" అని మాత్రమే అడగండి. పొరపాటున పంపానని ఎవరైనా అంటే, మీ చేత్తో మీరు తిరిగి పంపకుండా, వాళ్ళ బ్యాంకులో ఫిర్యాదు చేసుకోమనండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు మీ ఖాతా నుంచి పోతోందని అర్థం. అప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

జవాబు వచ్చేదాకా వెనక్కి తీసుకోగలిగే పనే చేయండి

అరకేజీ తూచి పక్కన పెడితే ఏం పోతుంది అనుకున్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు. జాడీలోంచి ఒకసారి తీసిన పచ్చడిని మళ్ళీ జాడీలో వేయరు, తడో గాలో తగిలి ఉంటుందని. అంటే తూచడం కూడా వెనక్కి తీసుకోలేని పనే. ఖాళీ డబ్బా తుడిచి పెట్టడం వరకే సరి.

పుస్తకంలో రాసేటప్పుడు కూడా జాగ్రత్త. "అరకేజీ" అని రాశానంటే, సాయంత్రం మా ఆవిడ అది చూసి కట్టేస్తుంది. నా ఊహ ఆమెకు ఆర్డరైపోతుంది. అందుకే వచ్చింది వచ్చినట్టే రాశాను: "6:40, 500?"

పన్నెండింటికి ఆ పెద్దావిడే ఫోన్ చేశారు. "ఏం నాయనా, మనవడి చేత వేయించానుగా, అందలేదా?" మనవడు వేసింది నాకు కాదు, మా ఆవిడ నంబరుకు. గోంగూర కొన్నప్పుడు ఆమె నంబరే ఇచ్చామట. ఆమె ఖాతాలో చూస్తే 6:38కి 500 జమ అయి ఉంది.

"బాకీ 300 కదండీ, మిగతా 200 దేనికి?" అన్నాను.

"మాగాయ పడతారుగా, దానికి. ఆవకాయ మా అమ్మాయి పంపింది."

పుస్తకంలో ప్రశ్నార్థకం కొట్టేసి రాశాను: "300 గోంగూరకి చెల్లు. 200 మాగాయకి అడ్వాన్సు."