ఎండలు ముదరకముందే కురచ జుట్టు: చెమట, జిడ్డు ఎక్కువగా ఉన్నవారికి జాగ్రత్తలు

శివరాత్రితో చలి శివశివా అంటూ పోయిందని పెద్దలు అనుకునే రోజుల నుంచి రోహిణి కార్తె ముగిసేదాకా, హనుమకొండలోని మా కటింగ్ షాపుకు వచ్చేవారిలో చాలామంది ఒకే మాట చెబుతారు. పొద్దున తలస్నానం చేసి బయలుదేరినా, మధ్యాహ్నం రెండయ్యేసరికి జుట్టు నూనెలో ముంచినట్టు నెత్తికి అతుక్కుపోతోందని వారి బాధ. ఇలాంటివారు జుట్టును కురచ చేయించుకోవడం మంచిదే, కానీ ఆ పని మే నెలలో కాక ఉగాదికి అటూ ఇటూగా జరగాలి. అన్నాళ్లూ జుట్టు నీడలో ఉన్న మెడ వెనుక చర్మం, నెత్తి చర్మం 42, 43 డిగ్రీల ఎండకు ఒక్కసారిగా బయటపడితే ఎర్రగా కమిలి, రెండు మూడు రోజుల్లో పొట్టు లేస్తాయి. ఎండ ఇంకా లేతగా ఉన్నప్పుడే కత్తిరిస్తే చర్మం కొంతవరకు అలవాటు పడుతుంది.

షాపుకు వచ్చేముందు ఇంట్లోనే చేసుకోగల ఒక చిన్న పరీక్ష ఉంది. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో పలుచని టిష్యూ కాగితాన్ని నడినెత్తిన, పాపిడి దగ్గర పది సెకన్లు అదిమి పట్టి, తీసి గాలికి ఆరనివ్వండి. కాసేపటికి తడి మరక పూర్తిగా మాయమైతే మీకున్న ఇబ్బంది ప్రధానంగా చెమటది. ఆరిన తరువాత కూడా వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే అద్దంలా పారదర్శకమైన మచ్చ మిగిలితే అది నూనె. ఈ తేడా తెలియకుండా కత్తిరిస్తే, ఎక్కడ ఎంత పొడవు ఉంచాలన్న నిర్ణయమే తప్పుతుంది. చెమటకు విరుగుడు చెవుల పైన, మెడ వెనుక గాలి ఆడటం. నూనెకు విరుగుడు జుట్టు నుదుటికి తగలకుండా, నెత్తి మీద పడుకోకుండా కాస్త లేచి ఉండటం.

జుట్టు కురచ చేస్తే నూనె ఊరడం తగ్గుతుందని చాలామంది నమ్ముతారు గానీ అది నిజం కాదు. నూనె గ్రంథులు వెంట్రుక కుదుళ్ల పక్కన చర్మంలోనే ఉంటాయి కాబట్టి, పైన ఉన్న వెంట్రుకను ఎంత కత్తిరించినా వాటి పని వాటిదే. ఆ నూనె చర్మానికి తగిలిన వెంట్రుకలకు అంటుకుంటూ పాకుతుంది, చెమట దాన్ని మరింత వేగంగా పరుస్తుంది. అందుకే సన్నని, నిటారైన జుట్టు ఉన్నవారికి జిడ్డు ముందుగా కనబడుతుంది. ఉంగరాల జుట్టు చర్మానికి ఎడంగా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా కనబడుతుంది.

పోయిన వేసవికి ముందు, కాజీపేట నుంచి రోజూ బండి మీద ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి మిర్చి కొనుగోలు లెక్కలు చూసే ఒక యువకుడు వచ్చి, "మొత్తం జీరో కొట్టన్నా" అని కుర్చీలో కూర్చున్నాడు. అతనిది సన్నని జుట్టు, ముందు భాగం మూడు అంగుళాల పొడవుతో నుదుటి మీద పడుతోంది, టిష్యూ మీద నూనె మచ్చ స్పష్టంగా ఉంది. జీరో కొడితే నెత్తి చర్మం ఎండకు కాలడమే కాక, చెమటను కాసేపైనా పట్టి ఆపే వెంట్రుకలు లేక అది నేరుగా కళ్లలోకి కారుతుందని, మిర్చి దుమ్ము కలిసిన చెమట కంట్లో పడితే పని సాగదని అతనికి నచ్చజెప్పాను. పక్కలకు మిషన్‌కు 3వ నంబరు క్లిప్పు తొడిగి సుమారు 9 నుంచి 10 మిల్లీమీటర్లు, మెడ వెనుక 2వ నంబరుతో 6 మిల్లీమీటర్లు ఉంచాను. పైన మాత్రం కత్తెరతో అంగుళంన్నర ఉంచి, ముందు భాగాన్ని కిందికి దువ్వినా నుదుటి మీదికి దిగనంత కురచగా ఆపాను.

ఈ కటింగ్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు పైభాగంలోనే జరుగుతుంది. జుట్టు తేలిక చేస్తామని పళ్ల కత్తెరను కుదుళ్ల దాకా పోనిస్తే, సన్నని జుట్టు మరీ పలుచబడి మధ్యాహ్నానికి పాయలు పాయలుగా నెత్తికి అంటుకుంటుంది. మామూలు కత్తెర మొనతో చివరలను మాత్రమే కొద్దికొద్దిగా కొరికినట్టు కత్తిరిస్తే వెంట్రుకలు ఒకదానినొకటి ఆనుకుని లేచి ఉంటాయి. సరిగా కుదిరిందో లేదో అక్కడే తెలుసుకోవచ్చు: తల తడిపి, తువ్వాలుతో అద్ది, వేళ్లతో వెనక్కి ఒకసారి దువ్వి వదిలితే జుట్టు నుదుటి మీదికి జారకూడదు. ఆ యువకుడు మూడు వారాల తరువాత వచ్చినప్పుడు, జిడ్డు ఊరుతూనే ఉంది గానీ నుదుటి మీద మొటిమలు తగ్గాయని, జేబు రుమాలుతో ఒకసారి తుడుచుకుంటే సాయంత్రం దాకా సరిపోతోందని చెప్పాడు. నెలకు ఒక సెంటీమీటరుకు పైగా జుట్టు పెరుగుతుంది కాబట్టి ఈ ఆకారం మూడు, నాలుగు వారాలకు మించి నిలవదు.

మెడ వెనుక గీత కోసం రేజరు పెట్టించుకోవద్దని మరీ మరీ చెబుతాను. రేజరు గీసిన చర్మం మీద చెమట ఉప్పు, కాలరు రాపిడి కలిస్తే రెండు మూడు రోజుల్లో కుదుళ్ల చుట్టూ ఎర్రని పొక్కులు లేస్తాయి. మార్కెట్ యార్డులో పనిచేసేవారికైతే మిర్చి ఘాటు ఆ గాట్ల మీద భరించలేని మంట పెడుతుంది. క్లిప్పు తీసిన మిషన్‌తో గీత దిద్దితే చాలు. ఎవరైనా రేజరే వాడతానంటే, మీ కళ్ల ముందే కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాటపడకండి.

ఆడవాళ్లు కూడా ఇప్పుడు ధైర్యంగా జుట్టు కురచ చేయించుకుంటున్నారు. అయితే గడ్డం దాకా వచ్చే బాబ్ కట్ ఈ ఇబ్బంది ఉన్నవారికి సరిపడదు. అది బుగ్గలకు, మెడకు రోజంతా తగులుతూ రెండింటి జిడ్డునూ పీల్చుకుంటుంది, ముడి వేద్దామంటే అందదు. చెవులు కనబడే బాయ్ కట్ అయినా చేయించుకోవాలి, లేదా వెనుక చిన్న పిలక కట్టడానికి అందేంత పొడవైనా ఉంచుకోవాలి.

కత్తిరించిన తరువాత తలనూనె రాసుకుని బయటికి వెళ్లడం మానాలి. అలవాటు మానలేనివారు తలస్నానానికి గంట ముందు రాసుకుని కడిగేయవచ్చు, చుండ్రు ఉన్నవారు అది కూడా వద్దు. కురచ జుట్టుకు చిటికెడు షాంపూ చాలు కాబట్టి రోజూ తక్కువ ఘాటు షాంపూతో కడిగినా నష్టం లేదు. టాల్కం పౌడరు చల్లుకుంటే చెమటతో కలిసి ముద్దగా గట్టిపడుతుంది. తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టకండి. లోపల పలుచని నూలు టోపీ వేసుకుని, రోజుకొకటి మార్చేలా రెండు మూడు ఉంచుకోండి.

ఇవన్నీ పాటించినా చీము పొక్కులు తగ్గకపోతే, గుండ్రంగా దురద మచ్చలు వస్తే, మందుల షాపులో అడిగి కలగలుపు క్రీములు రాయకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీము తామరను మొదట అణచినట్టు కనిపించి తరువాత మరింత మొండిగా మారుస్తుంది. ఎప్పుడూ లేనిది ఈ ఏడాదే చెమట విపరీతమై, గుండె దడ, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో బట్టలు తడవడం కూడా ఉంటే, కటింగ్ సంగతి పక్కనపెట్టి ముందుగా వైద్యుడికి చూపించుకుని, అవసరమైతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.