ఫోన్‌తో రాత్రి ఫొటోలు, 3వ పాఠం: నైట్ మోడ్ ఆ మూడు సెకన్లలో ఏం చేస్తుంది

పోయిన పాఠంలో షట్టర్ స్పీడు, ఐఎస్‌ఓ సంగతి చూశాం కదా, ఈసారి నైట్ మోడ్. బటన్ నొక్కగానే కదలకుండా పట్టుకోమని చెప్పి స్క్రీన్ మీద ఒక రింగు తిరుగుతుంది. చాలామంది ఆ మూడు సెకన్లూ ఒకే ఫొటో తీస్తోందనుకుంటారు. నిజానికి చిన్న చిన్న ఫ్రేములు వరసగా తీసి, తర్వాత అన్నీ కలిపి ఒకటి చేస్తుంది. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో నైట్ సైట్ పేరుతో నైట్ మోడ్ వచ్చినప్పుడు లెక్క ఇలా ఉండేది: చేత్తో పట్టుకుంటే సెకనులో మూడో వంతు వరకు ఉండే ఫ్రేములు 15 దాకా, ఫోన్ ఎక్కడైనా ఆనించి ఉంటే ఒక్కో సెకను ఫ్రేములు 6 దాకా.

అసలు ఎందుకు కలపాలి? చీకట్లో ఒక్కో పిక్సెల్ మీద పడే కాంతి కణాలు చాలా తక్కువ, పైగా అవి ఒక క్రమంలో రావు, వానచినుకుల్లా ఎలా పడితే అలా పడతాయి. ఒక పిక్సెల్‌కి సగటున 25 కణాలు వస్తున్నాయనుకోండి, నిజంగా వచ్చేది ఓసారి 20, ఓసారి 30, అంటే తేడా 5 దాకా, నూటికి 20 వంతు. గోడ మీద ఇసక చల్లినట్టు కనిపించే గ్రెయిన్ ఎక్కువగా ఇదే. అదే 9 ఫ్రేములు కలిపితే 225 కణాలు, వాటిలో తేడా 15 మాత్రమే, నూటికి 7 వంతు కూడా లేదు. అంటే 9 ఫ్రేములకి గ్రెయిన్ మూడో వంతుకి దిగింది, 16 అయితే నాలుగో వంతుకి. వర్గమూలం లెక్క కాబట్టి ఫ్రేములు పెంచేకొద్దీ లాభం నెమ్మదిస్తుంది.

కానీ కలపాలంటే ముందు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి, మన చెయ్యేమో ఊరికే ఉండదు. అందుకే ఫోన్ ఒక షార్ప్ ఫ్రేముని ఆధారంగా పెట్టుకుని, బొమ్మని చిన్న చిన్న ముక్కలు చేసి, మిగతా ఫ్రేముల్లో ఆ ముక్క ఎటు జరిగిందో వెతికి వెనక్కి జరుపుతుంది. ఎక్కడైనా సరిపోలకపోతే ఆ ముక్కని వదిలేస్తుంది, లేకపోతే నడిచివెళ్లే మనిషికి రెండు తలకాయలు వస్తాయి.

ఇక్కడే అసలు విషయం, దీన్ని బాగా పట్టుకోండి. కదలిక రెండు రకాలు. ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య చెయ్యి జరిగితే ఫోన్ సర్దేస్తుంది, అది పెద్ద సమస్య కాదు. ఒకే ఫ్రేము తీస్తుండగా చెయ్యి కదిలితే మాత్రం ఆ కాంతి పక్క పిక్సెల్స్ మీదికి పూసుకుపోతుంది, లెన్సుని కదిపి చేతి కుదుపుని సర్దే ఓఐఎస్ ఉంటే కొంత ఆపుతుంది గానీ పూసుకున్న దాన్ని మళ్లీ పూర్తిగా విడదీయడం కుదరదు. పైగా చాలా ఫోన్లు మీ చెయ్యి ఎంత కదులుతోందో బటన్ నొక్కకముందే చూసుకుంటాయి, ఎక్కువ వణుకుతుంటే ఫ్రేముల టైము తగ్గించేస్తాయి, దాంతో ఒక్కో ఫ్రేములో కాంతి తగ్గి గ్రెయిన్ పెరుగుతుంది. అంటే కదిలితే బ్లర్ అయినా, గ్రెయిన్ అయినా, ఏదో ఒకటి తప్పదు.

నేను దీన్ని గదిలో లైట్లన్నీ ఆపి, మూలన చిన్న దీపం ఒక్కటే ఉంచి, పుస్తకాల అర మీద చూశాను, పక్కనే చార్జర్ మీద చిన్న ఎల్‌ఈడీ చుక్క. మొదటిది నిలబడి చేతులు చాపి తీశాను. జూమ్ చేస్తే ఆ చుక్క చిన్న పురుగులా సాగి ఉంది, పుస్తకాల వీపుల మీద చిన్న అక్షరాలు ముద్దగా ఉన్నాయి. రెండోది ఫోన్ అంచుని పుస్తకాల దొంతరకి ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టి తీశాను, బటన్ నొక్కే వేలే సగం కుదుపు కాబట్టి. ఈసారి చుక్క గుండ్రంగా వచ్చింది, అక్షరాలు చదవగలిగాను.

మీరూ అదే చేసి చూడండి, చుక్కే మీకు అన్నీ చెప్తుంది. తోక ఉంటే ఫ్రేము లోపల చెయ్యి కదిలింది, రెండు చుక్కలుంటే ఫ్రేములు సరిగ్గా కూర్చోలేదు, గుండ్రంగా ఉంటే బాగా పట్టుకున్నట్టే. ఆనించడానికి ఏమీ లేకపోతే మోచేతులు పక్కటెముకలకి నొక్కి, ఊపిరి వదులుతూ నొక్కండి, రింగు పూర్తిగా తిరిగేదాకా ఫోన్ దించొద్దు, దించితే చివరి ఫ్రేములన్నీ వృథా.

ఒకటుంది, మీరు బండరాయిలా నిలబడ్డా ఎదుటి మనిషి కదిలితే అక్కడి ముక్కల్ని ఫోన్ వదిలేస్తుంది, అందుకే గోడ నున్నగా వచ్చి మొహం మాత్రం గ్రెయిన్‌తో వస్తుంది. ఆ ముక్కకి 9 ఫ్రేముల బదులు ఒకటో రెండో మిగిలాయన్నమాట. కదిలే మనుషుల్ని ఎలా తీయాలో 4వ పాఠంలో చూద్దాం, ఈలోపు చుక్క ఫొటోలు రెండూ తీసి పక్కపక్కన పెట్టి ఉంచుకోండి, వాటితోనే మొదలుపెడతాం.