ఉపవాసాల ముందు సగ్గుబియ్యం: గోధుమ పడని ఇంటికి కొన్ని జాగ్రత్తలు

ఉపవాసాల రోజులు దగ్గరపడుతుంటే గోధుమ పడనివాళ్ల ఇంట్లో ఒకటే ప్రశ్న. సగ్గుబియ్యం తినొచ్చా? అందులో గ్లూటెన్ ఉంటుందా? ఉండదు. సగ్గుబియ్యంలో సహజంగా గ్లూటెన్ లేదు. మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి ఉంది. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ కాస్త కడుపులోకి వెళ్లినా పేగు దెబ్బతింటుంది. ఇన్నేళ్లలో పండుగ పూట మాకు రెండుసార్లు ఇబ్బంది వచ్చింది. రెండుసార్లూ తప్పు సగ్గుబియ్యానిది కాదు, దాని పక్కన చేరినవాటిది. అందుకే ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

ముందు అది ఏ మొక్కదో చూద్దాం. పేరులో బియ్యం ఉందని చాలామంది వరితో చేస్తారనుకుంటారు. తెల్లగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఏదో గింజ అని ఇంకొందరు అనుకుంటారు. అది గింజే కాదు. మన దేశంలో దొరికే సగ్గుబియ్యం కర్రపెండలం దుంపలోని పిండితో చేసిన పూస. కర్రపెండలం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. అసలు 'సాగో' అన్న పేరు మాత్రం ఇంకో చెట్టుది. ఆగ్నేయాసియాలో తాటి కుటుంబానికి చెందిన సాగో చెట్టు మానును చీల్చి, లోపలి దవ్వ నుంచి పిండి తీసి పూసలు చేస్తారు. ఒకప్పుడు అవే మనకు దిగుమతి అయ్యేవి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ సరుకు ఆగిపోయింది. అప్పుడు సేలం ప్రాంతంలో కర్రపెండలం పిండితో తయారీ మొదలైంది. మన దగ్గర పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లోనూ ఈ దుంపతోనే చేస్తారు. మన ఆహార ప్రమాణాలు సాగో చెట్టు పిండినీ, కర్రపెండలం పిండినీ రెండింటినీ సగ్గుబియ్యం కిందే ఒప్పుకుంటాయి. గోధుమ పడనివాళ్లకు ఏదైనా ఒకటే, రెండింటిలోనూ గ్లూటెన్ లేదు. నైలాన్ సగ్గుబియ్యమైనా, మామూలుదైనా అంతే.

మిల్లులో దుంపల తొక్క తీసి, కడిగి, తురిమి, నీళ్లతో పాలు తీస్తారు. ఆ పాలను వడకట్టి తొట్లలో నిలవ ఉంచితే పిండి అడుగుకు దిగుతుంది. తడి పిండిని పొడి చేసి, ఊపుతూ దొర్లిస్తే పూసలు కడతాయి. జల్లెడ పట్టి, వేడి పెనాల మీద కాస్త వేయించి, ఎండలో ఆరబెడతారు. ఈ పని మొత్తంలో గోధుమతో అవసరమే లేదు. ఎప్పుడైనా మొక్కజొన్న పిండి కలిపి మోసం చేసినా అది కల్తీ అవుతుందే తప్ప, దానివల్ల గ్లూటెన్ రాదు.

మరి గోధుమ ఎక్కడ చేరుతుంది? మిల్లు దాటిన తర్వాత. దుకాణంలో మైదా డబ్బా పక్కనే సగ్గుబియ్యం గోతాం తెరిచి ఉంటుంది. రెండింటికీ ఒకే గరిటె వాడతారు. అన్నిటికన్నా ప్రమాదం పిండి మర. ఉపవాసం రొట్టెల కోసం సగ్గుబియ్యం పట్టిస్తారు చూడండి, అక్కడ మనకన్నా ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. రాళ్ల మధ్య మిగిలిన గోధుమ పిండి మన పిండితోపాటే బయటికి వస్తుంది.

ఎంత పిండి కలిస్తే ప్రమాదం? మన నిబంధనల ప్రకారం 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. మైదా బరువులో సుమారు పదో వంతు గ్లూటెన్. అంటే కిలో సగ్గుబియ్యంలో 200 మిల్లీగ్రాముల మైదా, అంటే గ్రాములో ఐదో వంతు, కలిస్తే చాలు, హద్దుకు చేరినట్టే. చిన్న చెంచాడు మైదా దాదాపు 3 గ్రాములు ఉంటుంది. ఆ ఒక్క చెంచా 15 కిలోల సగ్గుబియ్యాన్ని హద్దు దాకా తీసుకెళ్తుంది.

దీన్ని కంటితో పట్టుకోలేం. సగ్గుబియ్యం మీద దాని సొంత తెల్లపొడి ఎలాగూ ఉంటుంది, మైదా పొడి అందులో కలిసిపోతుంది. అయోడిన్ చుక్క వేసి చూద్దామన్నా పనికిరాదు. రెండూ పిండిపదార్థాలే కాబట్టి రెండూ నీలంగానే మారతాయి. పళ్లెంలో పోసి ఏరితే విడి గోధుమ గింజ ఏదైనా ఉంటే కనబడుతుంది, అంతవరకే. రెండు మూడు నీళ్లు పోసి కడిగితే పైపొడి చాలావరకు పోతుంది. అది కూడా చేయండి, కానీ కడిగాం కదా అని విడిగా అమ్మే సరుకును నమ్మకండి. సీలు వేసిన ప్యాకెట్టే కొనండి. దాని మీద 'గోధుమ వాడే చోట ప్యాక్ చేశారు' అన్న మాట చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. ఉంటే వదిలేయండి. పిండి కావాలంటే ఇంట్లోనే మిక్సీలో కొట్టుకోండి, గోధుమ తగలని జారులో.

మా మొదటి ఇబ్బంది పాయసంతో వచ్చింది. శివరాత్రి మర్నాడు మా అత్తయ్య రెండు గిన్నెలు పెట్టారు, ఒకటి సేమియా, ఒకటి ఉత్త సగ్గుబియ్యం. సేమియా అంటే గోధుమే కదా, అందుకే వేరు చేశారు. రాత్రికి పాపకు కడుపునొప్పి, విరేచనాలు.

"అత్తయ్యా, గరిటె ఒకటేనా?" అని అడిగాను.

"ఒకటేనమ్మా. ముందు సేమియా నేతిలో వేయించి తీసేశాను, ఆ నేతిలోనే దీనికి జీడిపప్పు వేయించాను. నెయ్యి పారబోయడం ఎందుకని," అన్నారు.

విషయం తెలిశాక ఆవిడ ఎంత బాధపడ్డారో నాకు తెలుసు. అప్పటినుంచి మా ఇంట్లో పాప పాయసం ముందు చేస్తాం. గిన్నె, గరిటె, నెయ్యి అన్నీ దానికి విడిగా ఉంటాయి. అది పూర్తయి మూత పెట్టాకే సేమియా ప్యాకెట్ విప్పుతాం.

రెండోసారి వడియాలు. సగ్గుబియ్యం వడియాల్లో ఇంగువ వేస్తారు. డబ్బాల్లో దొరికే ఇంగువ చాలావరకు ఉత్త ఇంగువ కాదు, అందులో మైదానో బియ్యప్పిండో కలుపుతారు. వెనక రాసింది చదివి బియ్యప్పిండి ఉన్నదే తీసుకోండి, లేదా ఇంగువే మానేయండి. బజార్లో కొన్న వడియాలైతే ఆ ఇంగువ సంగతి మనకు తెలియదు. వేయించే నూనె కూడా చూసుకోవాలి. పూరీలు వేయించిన నూనెలో వడియాలు వేస్తే, అడుగున మాడిన పిండి నలుసులు వాటికి అంటుకుంటాయి. కాచినంత మాత్రాన గ్లూటెన్ పోదు.

గ్లూటెన్ లేదు కదా అని రోజుల తరబడి సగ్గుబియ్యం మీదే ఉంచకండి. 100 గ్రాముల్లో దాదాపు 350 కేలరీలు వస్తాయి, ప్రోటీన్ మాత్రం ఒక గ్రాము కూడా ఉండదు. పేగు కోలుకుంటున్న పిల్లలకు అది చాలదు. కిచిడీలో వేరుశనగపప్పు బాగా వేయండి, పక్కన గడ్డపెరుగు పెట్టండి. షుగర్ ఉన్నవాళ్లకు ఇది రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది కాబట్టి కొలిచి వడ్డించండి.

ఇంకా పరీక్ష చేయించుకోకుండా, గోధుమ పడటం లేదేమో అన్న అనుమానంతోనే సగ్గుబియ్యానికి మారాలనుకుంటున్నవాళ్లు మాత్రం కాస్త ఆగండి. ముందు డాక్టర్ దగ్గర సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమ మానేసిన కొన్ని వారాలకే ఆ పరీక్ష తప్పుగా 'లేదు' అని చూపించవచ్చు.