పరీక్ష హాల్లో మెక్లారిన్ శ్రేణి వాడేటప్పుడు జాగ్రత్తలు

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడేసరికి sin x, cos x, eˣ శ్రేణులు దాదాపు అందరికీ కంఠతా వచ్చేసి ఉంటాయి. మార్కులు పోయేది వాటిని మరిచిపోయినందుకు కాదు, వాడకంలో తొందరపడినందుకు.

ఒక అవధి తీసుకుందాం. x సున్నాకు చేరుతున్నప్పుడు ఈ విలువ కావాలి:

(e^(−x²) − cos(√2 x)) / x⁴

లోపిటాల్ నియమంతో వెళ్తే నాలుగుసార్లు అవకలనం చేయాలి. రెండోసారికే లవం చిక్కుముడి పడుతుంది. శ్రేణులతో అయితే రెండు వరుసల పని. eᵘ శ్రేణిలో u స్థానంలో −x², cos u శ్రేణిలో u స్థానంలో √2 x పెట్టండి:

e^(−x²) = 1 − x² + x⁴/2 − …
cos(√2 x) = 1 − x² + x⁴/6 − …

కలం కదిపే ముందు హారం చూడాలి. అక్కడ x⁴ ఉంది కాబట్టి పైన రెండు శ్రేణులనూ x⁴ పదం దాకా రాయక తప్పదు. x² దగ్గరే ఆపితే రెండూ ఒకేలా కనిపిస్తాయి, తీసివేస్తే సున్నా వస్తుంది, జవాబు సున్నా అని రాసేస్తారు. లవంలో అన్నీ కొట్టుకుపోయాయంటే జవాబు సున్నా అని అర్థం కాదు, శ్రేణిని ఇంకా ముందుకు రాయాలని అర్థం. హారం x sin³x రూపంలో ఉన్నా లెక్క ఇదే, ఎందుకంటే సున్నా దగ్గర అది x⁴ లాగే నడుస్తుంది.

రెండో ప్రమాదం కుండలీకరణాల్లో ఉంది. (√2 x)⁴ అంటే 4x⁴. హడావిడిలో 2x⁴ అని రాస్తే గుణకం 1/12 అయిపోయి, జవాబు 5/12 వస్తుంది. సరైన లెక్క 1/2 − 1/6, అంటే 1/3.

అనుమానం ఉంటే కాలిక్యులేటర్‌ను రేడియన్లలో పెట్టి x = 0.1 ప్రయత్నించండి. సుమారు 0.3318 వస్తుంది, 1/3 కి దగ్గరే. ఇంకా కచ్చితంగా ఉంటుందని x = 0.001 మాత్రం పెట్టకండి. అక్కడ రెండు సంఖ్యలూ 0.9999990000 దాకా ఒకటే. పది అంకెలకే పనిచేసే యంత్రం తేడా సున్నా అంటుంది.

ప్రతిక్షేపణలో ఇంకో మెలిక ఉంది. e^(cos x) కనిపించగానే u = cos x అని పెట్టి రెండు మూడు పదాలతో ఆపేసేవారు ఎక్కువ. x సున్నాకు చేరితే cos x ఒకటికి చేరుతుంది, కాబట్టి వదిలేసిన పదాలేవీ చిన్నవి కావు. దాన్ని e · e^(cos x − 1) గా మార్చి, u = cos x − 1 పెట్టండి. అప్పుడు u సున్నాకు వెళ్తుంది, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ఇక సమాకలనాలు. 0 నుంచి 1 వరకు sin(x²) సమాకలనికి మామూలు ప్రమేయాలతో ప్రతిఅవకలజం దొరకదు, వెతుకుతూ కూర్చుంటే సమయం వృథా. sin u లో u = x² పెట్టి, పదం పదంగా సమాకలనం చేయండి:

1/3 − 1/42 + 1/1320 − 1/75600 + …

ఇక్కడ హారాలు చూసుకోవాలి. 42 అంటే 3! × 7, 1320 అంటే 5! × 11. సమాకలనం వల్ల వచ్చే 7, 11 లను మరిచిపోయి ఫ్యాక్టోరియల్ మాత్రమే రాయడం తరచూ కనిపించే పొరపాటు. మూడు పదాలు కలిపితే 0.31028. గుర్తులు మారుతూ పదాలు తగ్గుతూ పోతున్నాయి కాబట్టి, దోషం వదిలేసిన మొదటి పదం 1/75600 కంటే తక్కువ. అంటే నాలుగు దశాంశ స్థానాలకు 0.3103 అని ధైర్యంగా రాయవచ్చు. ఆ దోషం లెక్క కూడా ఒక వాక్యంలో చూపించండి.

sin, cos, eˣ శ్రేణులు ఏ x కైనా పనిచేస్తాయి. ఆ అలవాటుతోనే 1/(1 + x⁴) ను 0 నుంచి 2 వరకు సమాకలనం చేయబోతే దెబ్బ తగులుతుంది. 1 − x⁴ + x⁸ − … అన్నది |x| < 1 అయితేనే చెల్లుతుంది. హద్దు 2 పెడితే పదాలు 2, 6.4, 56.9 అంటూ పెరిగిపోతాయి. వక్రం చూస్తే 2 దగ్గర ఏ ఇబ్బందీ కనిపించదు, అందుకే మోసపోతాం. కారణం వాస్తవ రేఖ మీద లేదు: x⁴ = −1 కి ఉన్న సంకీర్ణ మూలాలన్నీ సున్నాకు సరిగ్గా 1 దూరంలో ఉన్నాయి.

అలాంటప్పుడు సమాకలనిని 1 దగ్గర విడదీసి, 1 నుంచి 2 భాగంలో x = 1/t పెట్టండి. అది t²/(1 + t⁴) అయి, హద్దులు 1/2 నుంచి 1 కి మారతాయి. ఇప్పుడు రెండు భాగాలకూ శ్రేణి పనిచేస్తుంది. అయితే 1 దగ్గర పదాలు చాలా నెమ్మదిగా తగ్గుతాయి కాబట్టి ఎక్కువ పదాలు కావాలి. మొత్తం విలువ సుమారు 1.07.