బానెట్ కింద పొగ వస్తుంటే బానెట్ ఎత్తకండి

నాలుగు రోజులుగా ఒక వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోంది. రోడ్డు పక్కన ఆగిన కారు, బానెట్ అంచుల్లోంచి సన్నగా పొగ. డ్రైవరు దిగి ముందుకొచ్చాడు, వంగాడు, బానెట్ ఎత్తాడు. ఎత్తీ ఎత్తగానే మంట భగ్గుమని మొహం మీదికి లేచింది. వెనక్కి పడ్డాడు కాబట్టి బతికాడు. పిల్లలిద్దరూ అప్పటికింకా వెనక సీట్లోనే ఉన్నారు. దారిన పోయేవాళ్లెవరో వచ్చి బయట నుంచి తలుపు తీసి లాగారు. చూసినవాళ్లంతా బండి నాసిరకం అంటున్నారు. కావచ్చు, కాకపోవచ్చు. బండి ఎలాంటిదైనా ఆయన వరస మారి ఉంటే ఒంటికి సెగ తగిలేది కాదు: ముందు పిల్లల్ని దించాలి, బానెట్ జోలికి అసలు పోకూడదు.

బండ్ల వైరింగ్ పని చేసేవాణ్ని. కాలిన బండ్లు చూడ్డం నా పనిలో భాగం. మొహం, చేతులు కాల్చుకున్నవాళ్లను కదిపితే అందరిదీ ఒకటే కథ: "ఏమైందో చూద్దామని బానెట్ ఎత్తాను."

ఎండలు ముదిరాయి కదా, అందుకే తగలబడుతున్నాయని కొందరంటారు. ఎండకే బండి అంటుకోదు. ఎక్కడో పెట్రోల్ కారుతుండాలి, లేదా ఎక్కడో వైరు రాసుకుపోయి ఉండాలి. ఎండ చేసేదల్లా ఆ లోపాన్ని ఇంకాస్త ముందుగా బయటపెట్టడమే.

పెట్రోల్ కారితే

ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటిలో ట్యాంకులోని మోటారు పెట్రోల్‌ని 3 నుంచి 4 బార్ల ఒత్తిడితో ఇంజిన్‌కి తోస్తుంది. టైరులో ఉండే గాలి ఒత్తిడికన్నా అది ఎక్కువ. అందుకే రబ్బరు పైపుకి వెంట్రుకంత పగులు వచ్చినా పెట్రోల్ చుక్కలుగా కారదు, తుంపరగా చిమ్ముతుంది. కాస్త దూరంలోనే వందల డిగ్రీల్లో కాలే ఎగ్జాస్ట్ ఉంటుంది, నిప్పురవ్వ పుట్టే కనెక్షన్లు బోలెడు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు, కిందికి దిగి బండి అడుగున పరుచుకుంటుంది. డీజిల్ బండేగా అని ధీమా పడకండి. బాగా కాలిన టర్బో మీద పడితే డీజిల్‌కి నిప్పురవ్వ కూడా అక్కర్లేదు.

ఈ లీకు చాలాసార్లు పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే వాసన కొడుతుంది. చల్లబడ్డ రబ్బరు క్లిప్పు దగ్గర కాస్త కుంచించుకుని ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక రబ్బరు మళ్లీ బిగుసుకుంటుంది, కారిన కాస్తా ఆవిరైపోతుంది. కింద తడి కనబడదు. "వాసన పోయింది, ఏం లేదులే" అనుకుని రోజూ తిరుగుతారు. మెకానిక్ దగ్గర ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ పైపుని క్లిప్పు పక్కన వేలితో కొద్దిగా వంచమనండి. పైకి నల్లగా నున్నగా కనిపించే రబ్బరు మీద సన్నటి గీతలు నోళ్లు తెరుస్తాయి. ఆ గీతల చుట్టూ దుమ్ము అంటని శుభ్రమైన మచ్చ ఉంటే, పెట్రోల్ అక్కడ కారి ఆరిపోతోందన్నమాట. టేపు చుట్టడం కాదు, పైపూ క్లిప్పూ రెండూ మార్చాలి.

వైరు షార్ట్ అయితే

12 వోల్టులేగా, ముట్టుకున్నా షాక్ కొట్టదు, ఏమవుతుందిలే అనుకుంటారు. షాక్ కొట్టదు నిజమే. కానీ ఆ బ్యాటరీ షార్ట్ అయిన క్షణంలో వందల ఆంపియర్లు వదులుతుంది, వైరు ఎర్రగా కాలడానికి అది చాలు. దీన్ని ఆపడానికే ఫ్యూజు ఉన్నది. 15 ఆంపియర్ల ఫ్యూజు పదే పదే పోతుంటే 30ది పెట్టేవాళ్లున్నారు, ఫ్యూజు బదులు తీగ ముక్క దోపేవాళ్లూ ఉన్నారు. ఇక అక్కడ ఫ్యూజు పని వైరు చేస్తుంది, అంటే కాలేది వైరే. కొత్త హెడ్‌లైట్లకీ, పెద్ద హారన్‌కీ ఉన్న వైరును గీకి, మెలేసి, టేపు చుట్టిన జాయింట్లలోనే మాడిన వైర్లు నాకు ఎక్కువగా దొరుకుతాయి.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. తాళం తిప్పి ఇంజిన్ ఆపితే పెట్రోల్ మోటారు ఆగిపోతుంది. కానీ బ్యాటరీ నుంచి స్టార్టర్ మోటారుకి పోయే లావు కేబుల్‌లో తాళం తీసినా కరెంటు ఉంటుంది, చాలా బండ్లలో దానికి ఫ్యూజు కూడా ఉండదు. షార్ట్ దానిలో అయితే ఇంజిన్ ఆపినంత మాత్రాన మంట ఆగదు. అందుకే ఆపేశాం కదా అని లోపల కూర్చోకూడదు.

బానెట్ ఎందుకు ఎత్తకూడదంటే

మూసిన బానెట్ కింద మంటకి గాలి చాలదు. సగం సగం మండుతూ, మండని వేడి ఆవిరిని అక్కడే పోగేస్తుంది. మీరు బానెట్ ఎత్తడం పొయ్యిలో నిప్పు మీద గొట్టం పెట్టి ఊదినట్టే. గాలి లోపలికి పోతుంది, మంట అదే సందులోంచి బయటికి వస్తుంది. ఆ సందు దగ్గర ఏముంటుంది? లోపలి లివర్ లాగితే బానెట్ రెండు వేళ్ల మందం లేచి ఆగుతుంది. రెండో కొక్కెం తీయాలంటే ఆ సందులోకి వేళ్లు పెట్టి, మొహం దగ్గరికి తెచ్చి వెతకాలి. అంటే మంట బయటికి వచ్చే చోటే మీ వేళ్లూ, కళ్లూ ఉంటాయి. ఒకసారి పూర్తిగా తెరిచాక మళ్లీ మూయలేరు. అప్పటిదాకా నెమ్మదిగా రాజుకుంటున్నది కాస్తా మొత్తం అంటుకుంటుంది.

రేడియేటర్ ఆవిరేమో అనిపించవచ్చు. ఆవిరైతే తెల్లగా లేచి త్వరగా కరిగిపోతుంది, కూలెంట్ తియ్యటి వాసన వస్తుంది, వేడి ముల్లు పైకి పోయి ఉంటుంది. మాడిన ప్లాస్టిక్ వాసన, బూడిద రంగు లేదా నల్ల పొగ, ఆగకుండా వస్తే అది మంట. తేల్చుకోలేకపోతే మంటే అనుకోండి. ఆవిరైనా సరే, అప్పుడు బానెట్ ఎత్తితే కాలుతుంది, కాబట్టి రెండిటికీ మందు ఒకటే: ఎత్తకండి.

నడుస్తున్న బండిలో వాసన తగిలిన క్షణం నుంచి

తర్వాతి బంకు దాకా పోదాం, ఇంటికి దగ్గర్లోనే ఉన్నాం అనుకోవద్దు. ముఖ్యంగా బంకు దాకా వద్దు. పక్కకి తీస్తూనే తలుపుల లాకులు తీసేయండి, ఏసీ బ్లోయర్ ఆపండి, ముందు తలుపుల అద్దాలు దించండి. ఈ మూడూ బండి ఆగేలోపే అయిపోవాలి. ఎందుకంటే షార్ట్ ముదిరితే సెంట్రల్ లాకూ, అద్దాల మోటార్లూ పని చేస్తాయన్న నమ్మకం లేదు. బ్లోయర్ గాలి పీల్చుకునేది ముందు అద్దం కింద, బానెట్ పక్క నుంచే. అది తిరుగుతున్నంతసేపూ పొగని మీ మొహానికే కొడుతుంది.

ఎండుగడ్డి లేని చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపేయండి. మొదట వెనక సీటు సంగతి చూడండి. చైల్డ్ లాక్ వేసి ఉంటే ఆ తలుపు లోపల నుంచి ఎంత లాగినా రాదు, బయట నుంచి ఎవరో ఒకరు తీయాల్సిందే. ఆ ఎవరో ఒకరు మీరే. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు ట్రాఫిక్ లేని వైపు దిగి వెనక తలుపు తీసి పిల్లల్ని లాగాలి, డ్రైవరు వెనక వస్తున్న బండ్లు చూసుకుని దిగి రెండోవైపు తలుపు తీయాలి. సీట్ల స్పాంజి, వైర్ల ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్ వాయువు ఉంటాయి. నాలుగైదు గుక్కలకే మనిషి తూలిపోవచ్చు. ఇంజిన్‌కీ లోపలికీ మధ్య ఉన్న ఇనుప గోడకి వైర్లు, ఏసీ పైపులు దూర్చడానికి రంధ్రాలు ఉంటాయి. మంట వాటిలోంచే లోపలికి వస్తుంది, కొద్ది నిమిషాలే పడుతుంది.

తలుపు రాకపోతే పక్క అద్దం పగలగొట్టండి, ముందు అద్దం మీద టైము వృథా చేయకండి. ముందుది పొరల అద్దం, పగిలినా ఊడి రాదు. సుత్తితో మధ్యలో కాదు, మూల దగ్గర కొట్టండి. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలూ పొరలవే, మీ బండివి ఏవో అద్దం మూలన ఉన్న ముద్ర చూసి ఇవాళే తెలుసుకోండి. సుత్తీ, బెల్టు కోసే కత్తీ డ్రైవరు చేతికి అందాలి. డిక్కీలో ఉన్న సుత్తి లేనట్టే.

ఇక మిగతావి:

- బ్యాగు, ల్యాప్‌టాప్, కాగితాల కోసం వెనక్కి పోవద్దు.
- 30 మీటర్లు దూరం జరగండి. గాలి వచ్చే వైపు, ఎత్తు వైపు నిలబడండి. పెట్రోల్ పల్లానికి పారుతుంది.
- బండికి ఎదురుగానో, సరిగ్గా వెనకో నిలబడొద్దు. బానెట్, డిక్కీ లేపే గ్యాస్ రాడ్లు వేడికి పేలి దూసుకొస్తాయి. టైర్లు కూడా పేలుతాయి.
- దూరం జరిగాకే ఫైర్ వాళ్లకి ఫోన్. గ్యాస్‌తో నడిచే బండా, ఎలక్ట్రిక్ బండా, లోపల ఎవరైనా ఉన్నారా అన్నది ముందు చెప్పండి.
- గ్యాస్‌తో నడిచే బండి అయితే ఇంకా దూరం పోండి. సిలిండర్ వాల్వు తెరుచుకుంటే మంట ఈటెలా చిమ్ముతుంది.
- మండే పెట్రోల్ మీద నీళ్లు పోయొద్దు. మంట నీళ్ల మీద తేలి పాకుతుంది.
- చిన్న ఆర్పే సిలిండర్ పది సెకన్లలోపే ఖాళీ అవుతుంది. అందరూ దిగాక, మంట చిన్నదైతేనే వాడండి. ముందు గ్రిల్లు లోంచి, చక్రం పైనున్న ఖాళీ లోంచి కొట్టండి. దానికోసం కూడా బానెట్ ఎత్తొద్దు.
- వీడియో తీస్తున్నవాణ్ని పక్కకి జరగమనండి.
- పార్కింగ్‌లో ఉన్న బండి దగ్గర పెట్రోల్ వాసన గుప్పుమంటే స్టార్ట్ చేయొద్దు, లైటు వేయొద్దు, బ్యాటరీ టెర్మినల్ ఊడదీయొద్దు. ఊడదీసేటప్పుడు వచ్చే నిప్పురవ్వ చాలు.
- మోటారు సైకిల్ అయినా అంతే. స్టాండు వేయాలని చూడకండి, వదిలేసి జరగండి.
- పొగ తగ్గింది కదా అని బానెట్ ఎత్తొద్దు. పొగ తగ్గడం అంటే గాలి చాలకపోవడం కూడా కావచ్చు.
- "నేను చూస్తాను తప్పుకోండి" అంటూ వచ్చే పెద్దమనిషిని కూడా ఎత్తనివ్వొద్దు.
- ఆర్పేసిన బండి తాళం మళ్లీ తిప్పి చూడొద్దు. కరిగిన వైర్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. బ్యాటరీ విప్పాల్సింది ఫైర్ సిబ్బందో, బండి చల్లారాక ఎలక్ట్రీషియనో. ఎలక్ట్రిక్ బండయితే గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు, ఇంటి షెడ్డులోకి తెచ్చి పెట్టొద్దు.